పార్థెనాను మందిరములోని అథీనా విగ్రహము: వర్ణనల ప్రామాణ్యమును గూర్చిన విచారము

నశించిన విగ్రహమును గూర్చి పూర్వులు వ్రాసిన వాక్యములు మనకు దొరకినపుడు వాని నాధారముగా జేసికొని ఆ రూపమును మరల కల్పించుకొనుట చరిత్రకారుల కలవాటు. అట్లు కల్పించుకొన్న రూపము మూలమున కెంత దగ్గరగా నున్నదో తెలిసికొనుటకు సాధారణముగా నుపాయము లేదు. మూలము పోయినది, మాటలు మాత్రమే మిగిలినవి, సరిచూచుటకు మూడవ వస్తువు లేదు. కాని ఒక్కొక్కచో వర్ణనతో సంబంధము లేకుండ ఆ మూలమును జూచి చెక్కిన చిన్న ప్రతిమయో, ముద్రికయో, నాణెమో తరువాత భూమినుండి బయల్పడును. అప్పుడు వర్ణన చేసినవాని నిజానిజములను పరీక్షింప వీలగును. అట్టి పరీక్షకు లొంగిన వానిలో ఏథెన్సు నగరపు పార్థెనాను మందిరములోని అథీనాదేవి విగ్రహముకంటె మేలైన యుదాహరణము నేనెఱుగను.

ఈ విగ్రహమును ఫీడియాసు అను శిల్పి నిర్మించెను. క్రీ. పూ. 438 లో దీనికి ప్రతిష్ఠ జరిగెను. లోపల కొయ్యచట్రము, పైని దేహభాగమునకు దంతపు పలకలు, వస్త్రాభరణములకు బంగారు రేకులు. పురాతనయుగము ముగియునాటికి ఇది కనుమరుగైనది. దంతపు తునుక యొక్కటియైన మిగులలేదు. మందిరపు నేలమీద పీఠముండిన చోటును, నడుమ నిలువుదూలమును దింపిన నలుచదరపు గుంటయును మాత్రము నేటికిని కన్పట్టుచున్నవి.

దీనిని వర్ణించినవారిలో ముఖ్యు లిద్దరు. పౌసానియాసు అను గ్రీకు యాత్రికుడు క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, అనగా ప్రతిష్ఠ జరిగిన సుమారాఱువందల యేండ్లకు, గ్రీసుదేశ సంచారగ్రంథమును వ్రాసెను. రోమకుడైన ప్లీనీ అతనికి ముందటి శతాబ్దమువాడు, క్రీ. శ. 79 లో మరణించెను. ఈ యిద్దఱి సాక్ష్యమును ఒక్క తూనికను తూచరాదు. పౌసానియాసు తిరిగి చూచినవాడు. ప్లీనీ సంగ్రహకర్త, నూర్గురు గ్రంథకర్తల రెండువేల పుస్తకములనుండి విషయములు సేకరించితినని తన పీఠికలో తానే చెప్పుకొనెను. కావున ప్లీనీ వాక్యమును చదువునపుడు మనము విగ్రహమును జూచినవాని వాక్యమును గాక, ఒకడు వ్రాసినదానిని మఱియొకడు కుదించి వ్రాసిన వాక్యమును చదువుచున్నామని జ్ఞాపకముంచుకొనవలెను.

పౌసానియాసు చెప్పిన దాని సారమిది. విగ్రహము నిలుచున్నది, అంగీ పాదములవఱకు వ్రేలాడుచున్నది. శిరస్త్రాణము నడుమ స్ఫింక్సు కలదు. ఇది స్త్రీముఖమును సింహశరీరమును గల జంతువు. శిరస్త్రాణమునకు రెండువైపుల గ్రిఫిన్లు కలవు. ఇవి డేగముక్కును రెక్కలును గల సింహములు. ఱొమ్మున దంతముతో చేసిన మెడూసా శిరస్సు. చేత నాలుగుమూరల జయలక్ష్మి, బల్లెము, పాదములకడ డాలు, బల్లెమున కంటి సర్పము, పీఠముమీద పండోరా జననము. ఇంతియే. ఎత్తెంతయో చెప్పలేదు, జయలక్ష్మి కుడిచేత నున్నదో యెడమచేత నున్నదో చెప్పలేదు.

1880 వ సంవత్సరమువఱకు పండితులును శిల్పులును ఈ వాక్యములనే ముందుంచుకొని విగ్రహమును ఊహించుచు వచ్చిరి. 1855 లో పారిసు ప్రదర్శనమున సిమార్టు అను ఫ్రెంచి శిల్పి దంతముతోను లోహములతోను ఇట్టి పునర్నిర్మాణ మొకటి చేసి నిలిపెను. 1880 లో ఏథెన్సులో వర్వాకియోను పాఠశాల సమీపమున పీఠముతో గూడ సుమారు మూడున్నర యడుగుల పాలరాతి ప్రతిమ యొకటి దొరకెను. రోమకుల కాలమున జేసిన యీ ప్రతిమ పార్థెనానులోని విగ్రహమునకే నకలని దానిని జూచినంతనే తెలియవచ్చెను. నాటినుండి పౌసానియాసు మాటలను సరిచూచుటకు కొలబద్ద యొకటి చేతికి వచ్చినట్లయినది.

మొదట శిరస్త్రాణమును విచారింతము. ప్రతిమ శిరస్త్రాణముపై మూడు తురాయిలు కలవు. నడిమి తురాయికి స్ఫింక్సు ఆధారము; ఇంతవఱకు పౌసానియాసు చెప్పినది సరిపోయినది. కాని యిరుప్రక్కల తురాయిలను మోయుచున్నవి గ్రిఫిన్లు కావు, రెక్కల గుఱ్ఱములు! అతడు రెక్కలను జూచి జంతువును పొరబడెనా? లేక నకలు చేసినవాడు మార్చెనా? ఈ రెండు సమాధానములలో నొకదానిని వెంటనే స్వీకరింపవలెనని తోచును. నేనును మొదట అతడే పొరబడెనని తలచితిని. అది తొందరపాటు.

నల్లసముద్ర తీరమున కెర్చిపట్టణ సమీపమునగల కుల్ ఓబా అను సమాధిదిబ్బను 1830 లో త్రవ్వినపుడు రెండు బంగారు పతకములు దొరకినవి. అవి క్రీ. పూ. నాలుగవ శతాబ్దమునాటివి, అనగా పౌసానియాసు కంటె అయిదువందల యేండ్లు పూర్వపువి, ఫీడియాసునకు చాల సమీపమైనవి. వానిమీద నీ దేవి ముఖము మిక్కిలి సూక్ష్మముగా చిత్రింపబడినది. అందును నడుమ స్ఫింక్సు, ఇరుప్రక్కల రెక్కల గుఱ్ఱములే. కాని శిరస్త్రాణమునకు చెవులప్రక్కన చెక్కిళ్లను గప్పుటకై యుండు రేకులు పైకెత్తబడియున్నవి. ఆ రేకులమీద గ్రిఫిన్లు చెక్కబడియున్నవి. అనగా పౌసానియాసు చెప్పిన గ్రిఫిన్లు నిజముగానే యున్నవి. అతడు చెప్పినట్లే శిరస్త్రాణమునకు రెండువైపులనే యున్నవి. అతడు అబద్ధమాడలేదు. గుఱ్ఱములను మాత్రము చెప్పలేదు.

ఇందలి విశేషమును గమనింపుడు. అతని వాక్యములో నొక్కమాటయు తప్పుకాదు. అయినను ఆ వాక్యము ననుసరించి నిష్ఠతో చిత్రించు శిల్పి స్ఫింక్సునకు కుడియెడమల గ్రిఫిన్లను నిలిపి తీరును. ఆ చిత్రము తప్పగును. నడుమ నొకటి, రెండువైపుల రెండు అని చెప్పగానే ఈ మూడును ఒకే వరుసలో నున్నవని చదువరి మనస్సు కూర్చుకొనును. ఆ వరుస వాక్యములో లేదు, చదువరి తలలోనిది. సత్యమైన వర్ణననుండి అసత్యమైన చిత్రము పుట్టుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు.

ఎదుట మెఱయుచున్న గుఱ్ఱములను విడిచి రేకులమీది గ్రిఫిన్ల నేల చెప్పెను? దీనికి సమాధాన మతని గ్రంథములోనే యున్నది. గ్రిఫిన్లను పేర్కొన్న వెంటనే విగ్రహమును విడిచి, ఉత్తరదేశమున నవి బంగారమునకు కావలికాయుటయు, ఒంటికంటివారైన అరిమాస్పులతో పోరాడుటయు అరిస్టియాసు అను కవి చెప్పినాడని కథనెత్తుకొనుచున్నాడు. స్ఫింక్సు కథను తరువాత బియోషియాదేశ ప్రకరణమున చెప్పెదనని వాగ్దానము చేయుచున్నాడు. ఈ చోటున అతని కన్ను కథవెంట పోవుచున్నది. ఇక్కడ చెప్పదగిన కథ యున్న జంతువు గ్రంథమున కెక్కినది, లేనిది తప్పిపోయినది. ఇది నా యూహయే గాని వట్టి యూహ గాదు. వాక్యముల క్రమమే దీనికి సాక్షి. వర్ణించువాడు దేనిని జూచుటకై వచ్చెనో తెలిసికొన్నచో దేనిని జూడక పోవునో కొంతవఱకు ముందే చెప్పవచ్చును.

ఇక నిశ్శబ్దము. వర్వాకియోను ప్రతిమలో జయలక్ష్మిని ధరించిన కుడిచేతిక్రింద నొక స్తంభ మున్నది. ఇట్టి స్తంభమును పౌసానియాసు చెప్పలేదు, ప్లీనీ చెప్పలేదు. సిమార్టు చేసిన విగ్రహమున స్తంభము లేకపోవుట కిదియే హేతువు. మూలములోనే స్తంభ ముండెనా, లేక చేయి వంగగా తరువాతివారు నిలిపిరా, లేక పాలరాతిచేయి విఱుగకుండుటకై నకలు చేసినవాడు తానే చేర్చెనా యని పండితులలో వాదము చిరకాలముగా నున్నది. నాలుగుమూర లనగా సుమారాఱడుగులు. అంతటి లోహపు బొమ్మను చాచిన చేతిమీద నిలుపుటకు ఆధారము కావలసియుండునని యొకరు. లోపలి దూలములు చాలునని యింకొకరు. ఈ వివాదమును నేను తీర్పజాలను. కాని ఒక్కమాట చెప్పవచ్చును. వర్ణనకారులు చెప్పలేదు గనుక లేదనుట ఈ యుదాహరణమున చెల్లదు. గుఱ్ఱములనే చెప్పనివాడు స్తంభమును చెప్పకపోవుట యే యాశ్చర్యము? మూలమును జూచువానికి స్తంభము దేవిలో భాగముగా తోచదు, మందిరములోని దూలములవలె నొక యుపకరణముగా తోచును. ఉపకరణమును వర్ణించు నలవాటు ఎవరికిని లేదు.

కుడియెడమల ప్రసక్తి వచ్చినది గనుక మన శాస్త్రములనుండి యొక సంగతి చెప్పెదను. విష్ణువు చతుర్వింశతిమూర్తుల భేదమంతయు శంఖము, చక్రము, గద, పద్మము ఈ నాలుగును నాలుగుచేతులలో నేక్రమమున నున్నవను దానియందే యున్నది. నాలుగు వస్తువుల కిరువదినాలుగు క్రమములు, క్రమమునకొక మూర్తి. లేఖకుడు రెండు పదములను తారుమారు చేసినచో కేశవుడు మఱియొక నామధేయుడగును. ఛందస్సు చెడకున్న నెవరికిని అనుమానమే కలుగదు. ఈ మూర్తులను జెప్పిన పురాణములును శిల్పగ్రంథములును పరస్పరము విరోధించుటకు లేఖకప్రమాదమే కొంత కారణమని నాకు తోచుచున్నది. గ్రీకు వర్ణనకు అట్టి నియమము లేదు. కుడియెడమలు చెప్పుట శాస్త్రము గాదు గనుక అతడు విడిచిపెట్టెను; మనకు ప్రతిమ దొరకువఱకు జయలక్ష్మి కుడిచేత నుండెనని నిశ్చయముగా చెప్పుటకు వాక్యబలము లేకపోయెను.

ఇప్పుడు ప్లీనీని చూతము. అతడు పౌసానియాసు చెప్పనివి కొన్ని చెప్పెను: విగ్రహపు టెత్తు 26 మూరలు, అనగా సుమారు 38 అడుగులు, డాలు వెలుపలివైపున అమెజానుస్త్రీలతో యుద్ధము, లోపలివైపున దేవతలకును రాక్షసులకును యుద్ధము, చెప్పుల యంచులమీద లాపితులకును సెంటారులకును యుద్ధము, పీఠముమీది పండోరా జననమున ఇరువదిమంది దేవతలు. ఇంత వివరముగా చెప్పినవాడు తరువాత నొక వింతమాట చెప్పెను: తెలిసినవారు సర్పమును, బల్లెపు మొన క్రిందనున్న కంచు స్ఫింక్సును మెచ్చుకొందురని.

బల్లెమొన క్రింద స్ఫింక్సు ఎక్కడినుండి వచ్చినది? పౌసానియాసునకు స్ఫింక్సు శిరస్త్రాణముమీదనున్నది. బల్లెముకడ నున్నది సర్పము. ప్రతిమలోను పతకములలోను స్ఫింక్సు తలమీదనే యున్నది. ప్రతిమలో సర్పము డాలు లోపలివైపున చుట్టుకొనియున్నది. బల్లెము దానికి చేరువగా నానించబడి యుండవచ్చును. ఇందు మన వ్యాకర్తలు అన్వయదోషమని చెప్పునది కన్పట్టుచున్నది. లాటిను వాక్యమున సర్పము, సముచ్చయము, బల్లెమొన క్రింద, కంచు స్ఫింక్సు అను క్రమమున పదములున్నవి. సముచ్చయార్థకమైన చిన్నపదమును రెండుమాటల వెనుకకు జరిపినచో, బల్లెమొన క్రిందనున్న సర్పమును, కంచు స్ఫింక్సును అని యర్థమగును. పౌసానియాసుతోను ప్రతిమతోను ఏకవాక్యత కలుగును. అట్లే కంచు అను నర్థమిచ్చు ఏరియాం అను పదమునకును, బంగారమను నర్థమిచ్చు ఔరియాం అను పదమునకును వ్రాతలో నొక్కయక్షరమే భేదము. దంతమును బంగారమును గల విగ్రహమున కంచుస్ఫింక్సు పొసగదని తలచువా రీ రెండవదానినిగూడ దిద్దుదురు.

నేను మొదటి సవరణ నంగీకరింతును. రెండవదానిని అంగీకరింప సందేహింతును. మొదటిదానికి వేఱొక సాక్షి కలడు, ప్రతిమ కలదు. రెండవదానికి మన యభిరుచి తప్ప సాక్షి లేదు. బంగారపు శిరస్త్రాణముమీద కంచుముక్క యుండరాదను నియమమును ఫీడియాసునకు మనము విధింపజాలము. పాఠమును దిద్దుటలో మితిమీరినవారు, చూచినవాని తప్పులకు లేఖకుని తప్పులు చాలనట్లు తమవిగూడ చేర్చుచుందురు.

ఈ సందర్భమున సంఖ్యల సంగతి యొకటి. విగ్రహముమీది బంగారము తీసి తూచుటకు వీలుగా నమర్పబడెను. దాని తూనిక 40 టాలెంటులని సమకాలికుడైన థుసిడిడీసు చెప్పెను. 44 అని ఫిలోకొరసు. 50 అని డయడోరసు. కాలము గడచినకొలది బంగారము పెరిగినది! ఫిలోకొరసు చెప్పినది పూర్ణసంఖ్య కాదు గనుక లెక్కపత్రమునుండి వచ్చినదనియు, థుసిడిడీసు దానినే స్థూలముగా చెప్పెననియు తలచుట యుక్తము. ప్లీనీ చెప్పిన 26 మూరలలో పీఠము చేరినదో లేదో ఆ వాక్యమువలన తెలియదు. సంఖ్య యెంత ఖండితముగా నున్నను, దేనిని కొలిచిరో చెప్పనిచో అది సగము సాక్ష్యమే.

వర్ణనలో ప్రమాదము ప్రవేశించు ద్వారములలో మిక్కిలి వెడల్పైనది కథ. డాలుమీది యమెజానుయుద్ధమున ఫీడియాసు తన రూపమును చెక్కెనని ప్రసిద్ధి. క్రీ. పూ. మొదటి శతాబ్దమున సిసిరో, పేరు చెక్కుటకు వీలులేక శిల్పి తన రూపమును డాలుమీద నుంచెనని యింతమాత్రము చెప్పెను. ఇంచుమించు నూటయేబదియేండ్లకు ప్లూటార్కు వివరములు చెప్పెను: రెండుచేతులతో రాయి నెత్తిన బట్టతల ముసలివాడు ఫీడియాసు, అమెజానుతో పోరాడుచు, బల్లెము పట్టిన చేయి ముఖమున కడ్డముగా నున్నవాడు పెరిక్లీసు. అరిస్టాటిలు పేరున చెల్లుచున్న లోకవర్ణన గ్రంథమున నింకను వింత: శిల్పిముఖము డాలు నడుమ నుండెననియు, దానిని తీసినచో విగ్రహమంతయు కూలునట్లు రహస్యయంత్రముతో బంధించెననియు.

ఈ డాలునకు పాలరాతి నకలొకటి బ్రిటిషు మ్యూజియములో నున్నది. 1864 లో అందు చేరెను. స్ట్రాంగుఫర్డు డాలని దానికి పేరు. దానిమీద బట్టతలవాడు కలడు. ముఖమున కడ్డముగా చేయిగల యోధుడును అతని ప్రక్కనే కలడు. కావున ప్లూటార్కు చెప్పినది వట్టి కల్పన గాదు. కాని బట్టతలవానిచేత నున్నది రాయి కాదు, గొడ్డలి. అతడు డాలు నడుమ లేడు. నడుమ నున్నది మెడూసా శిరస్సు. దీనివలన నేమి తేలుచున్నది? రూపములు నిజము. అవి యెవరివను మాట వేఱు. యుద్ధచిత్రములో బట్టతల ముసలివాడు కన్పట్టగా నెవడో ఒకడు ఇతడే శిల్పియని చూపియుండును. ముఖము మూసికొన్నవాడు ప్రక్కనుండగా నితడు పెరిక్లీసని రెండవపేరు పుట్టియుండును. చూపించి చెప్పువారు మందిరములలో నెక్కడను కఱవుండరు. కంటికి కన్పట్టినది, పేరు పెట్టినది, కారణము కల్పించినది అను మూడు పొరలు ప్లూటార్కు వాక్యమున ఒక్కటిగా నతుకుకొనిపోయినవి. మొదటిపొర నకలుచే నిలిచినది. రెండవదానిని పరీక్షించుటకు సాధనము లేదు. మూడవదానిని, యంత్రముతోగూడ, త్రోసివేయవలసినదే.

ఇంత చెప్పిన తరువాత ప్రతిమయే ప్రమాణము, వర్ణన అప్రమాణమని యెవరైన తలచినచో అది మఱియొక ప్రమాదము. వర్వాకియోను ప్రతిమ డాలుమీద యుద్ధము లేదు; పీఠముమీద పండోరా లేదు; చెప్పులమీద సెంటారులు లేరు. మూడున్నర యడుగుల రాతిలో నవి పట్టవు, చెక్కినవాడు విడిచిపెట్టెను. మాటలు లేనిచో వర్వాకియోను ప్రతిమను మాత్రమే చూచి మూలవిగ్రహపు పీఠము నున్నగా నుండెనని మనము నిశ్చయించియుందుము. మన యమరావతి స్తూపమును గూర్చియు నిట్టి పరిస్థితియే. 1797 లో మెకంజీ దొర తొలిసారి చూచునప్పటికే దాని యండము చెడుచుండెను. దాని పూర్వరూపమును మన మెఱుగుట ముఖ్యముగా ఆ స్తూపపు పలకలమీదనే చెక్కబడియున్న చిన్నస్తూపముల వలన. ఆ పలకలు వేదికయు, ఆయకస్తంభములును, సింహములును ఎక్కడెక్కడ నుండెనో స్పష్టముగా చూపును. కొలతలను మాత్రము చూపవు. పలక వెడల్పునకు తగినట్లు శిల్పి యండమును కుదించియుండును. ఆ చిత్రమునుండి మూరలు లెక్కించువాడు మోసపోవును.

కావున నకలు స్థానమును చూపును, సంఖ్యను చెడగొట్టును; వర్ణన విషయమును నిలుపును, స్థానమును చెడగొట్టును. పౌసానియాసు గ్రిఫిన్లు, ప్లీనీ స్ఫింక్సు, ఈ రెండును స్థానమును గూర్చిన తప్పులే. వస్తువులు రెండును నిజము. డాలుమీది యుద్ధము, పండోరా జననము విషయమును గూర్చినవి. వానిని వర్ణనలే కాపాడినవి. ఇది యన్నిటికిని సరిపడు సూత్రమని నేను చెప్పను. ఈ విగ్రహమున మాత్రము పరీక్షకు నిలిచినదానినంతయు చూచినచో నిట్లే యున్నది.

పరీక్షకు నిలువనిది ఒకటి మిగిలినది. పీఠముమీది యిరువదిమంది దేవత లెవరెవరు, ఎవరి ప్రక్కన నెవరు నిలిచిరి? పౌసానియాసు జననమని మాత్రము చెప్పి, పండోరాయే ప్రథమస్త్రీయని హెసియోడు చెప్పిన కథలోనికి పోయెను. ప్లీనీ సంఖ్యను చెప్పెను, పేర్లు చెప్పలేదు. ఏథెన్సులోనే 1859 లో దొరకిన మఱియొక చిన్నప్రతిమ, పనిముగియని లెనార్మాను ప్రతిమ, పీఠముమీద కొన్ని యాకారములను చూపుచున్నది. కాని అవి వట్టి ముడిరూపములు, గుర్తింపుటకు చాలవు. సూర్యుడు మొదటనో, చంద్రుడు తుదనో యుండిరని చెప్పువారు ఫీడియాసు చేసినదను ఒలింపియా పీఠపు వర్ణననుండి దానిని తెచ్చి యిక్కడ నుంచుచున్నారు.